క్లిప్పుల ఖర్చు, మూడు పాలసీ సంవత్సరాలు: తిరుపతిలో ఒక కేసు

2023 జనవరి చివర్లో కొర్లగుంట నుంచి ఒక కుటుంబం మా క్లినిక్‌కి వచ్చింది. అమ్మాయి తొమ్మిదో తరగతి. తండ్రి శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం, తల్లి ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. (వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.) అమ్మాయికి ఎత్తుపళ్లు. పైపళ్లు కిందిపళ్ల కంటే ఎనిమిది మిల్లీమీటర్లు ముందుకున్నాయి, కింది వరసలో పళ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. కింద ఎడమవైపు మొదటి దవడ పన్ను లోతుగా పుచ్చిపోయింది. పై దవడ పళ్లలో ఇంకో రెంటికి చిన్న పుచ్చులున్నాయి.

తండ్రి ఇన్సూరెన్స్ కార్డు టేబుల్ మీద పెట్టి, "మూడు లక్షలు ఉంది మేడం, క్లిప్పులు దాంట్లో అయిపోతాయి కదా?" అన్నారు. ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. ఆ మూడు లక్షలు ఆసుపత్రిలో అడ్మిట్ అయితే ఇచ్చే డబ్బు. పంటి పని కుర్చీలో కూర్చోబెట్టి చేసి పంపించేది కాబట్టి ఆ మొత్తంలోకి రాదు. ప్రమాదంలో దవడ విరిగి ఆసుపత్రిలో చేరితే అది వేరే సంగతి. పాలసీలో అడ్మిట్ కాకుండా చేయించుకునే వైద్యానికి ఓపీడీ భాగం విడిగా ఉంటేనే, అందులో డెంటల్ అని రాసి ఉంటేనే మాకు పని. అందుకే కార్డు చూసి నేను ఏమీ చెప్పను. కంపెనీ హెచ్‌ఆర్ దగ్గర ఉండే బెనిఫిట్ కాగితం తెమ్మంటాను. మరుసటి వారం తెచ్చారు.

అందులో ఉన్నది ఇది. పాలసీ సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు. డెంటల్‌కి ఏడాదికి 8,000 రూపాయలు, అది మనిషికి కాదు, ఇంటిల్లిపాదికీ కలిపి. ప్రతి బిల్లులో 20 శాతం మనమే పెట్టుకోవాలి. కన్సల్టేషన్, ఎక్స్‌రే, ఫిల్లింగ్, రూట్ కెనాల్, పన్ను తీయడం వస్తాయి. క్లిప్పులు, ఇంప్లాంట్లు, కట్టుడు పళ్లు, పళ్లు తెల్లబరచడం రావు. ముందు మనం కట్టాలి, తర్వాత వాళ్లు తిరిగి ఇస్తారు. చికిత్స జరిగిన 30 రోజుల్లో కాగితాలు పంపాలి.

అమ్మాయికి అవసరం కాబట్టే క్లిప్పులు వేస్తున్నామని ఒక లెటర్ ఇవ్వమని తండ్రి అడిగారు. ఇచ్చాను, ఉన్నది ఉన్నట్టు రాసి. దాంతో డబ్బు రాదని కూడా చెప్పాను. క్లిప్పులు రావని వాళ్ల కాగితంలోనే సూటిగా రాసి ఉంది. దానికి తోడు పాలసీ పుస్తకాల్లో Excl08 అనే కోడ్ కింద బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన మినహాయింపు ఒకటి ఉంటుంది. రూపం మార్చే చికిత్సకు డబ్బు ఇవ్వరని దాని సారాంశం. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత బాగుచేయడానికైతే ఇస్తారు. ఆరోగ్యానికి నేరుగా, వెంటనే ముంచుకొచ్చే ముప్పును తొలగించడానికి అవసరమైన వైద్యమైతే ఇస్తారు. ఎత్తుపళ్లు ఎంత ఇబ్బంది పెట్టినా ఆ చివరి మాటకు సరిపోవు.

ఒక్క ప్రశ్నతో రెండు ఫైళ్లు

ఇలాంటి కేసుల్లో డబ్బు ఎక్కువగా పోయేది ఒకచోట. చాలా క్లినిక్‌లు పుచ్చుపళ్ల పని, పళ్లు తీయడం, క్లిప్పులు, చివర్లో క్యాప్, అన్నీ కలిపి ఒక ప్యాకేజీగా చెప్తాయి. ఇంట్లో వాళ్లకూ ఒకే అంకె వినడం హాయిగా ఉంటుంది. కానీ ఆ బిల్లు మీద "క్లిప్పుల ప్యాకేజీ" అని పడిందంటే, అందులో న్యాయంగా రావాల్సిన రూట్ కెనాల్ డబ్బు కూడా క్లిప్పులతో పాటు కొట్టుకుపోతుంది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు పరిశీలించే టీపీఏ సంస్థలో మనిషికి ముందున్నది బిల్లే, అమ్మాయి నోరు కాదు.

నేను ప్రతి పనికీ ఒకటే ప్రశ్న వేసుకుంటాను: క్లిప్పులు వేయకపోయినా ఈ పని చేయాల్సి వచ్చేదా? అవునంటే అది పంటి జబ్బు ఫైల్లోకి వెళ్తుంది. కాదంటే క్లిప్పుల ఫైల్లోకి. ఆ ప్రశ్న డబ్బు కోసం పుట్టిందేమీ కాదు, చికిత్స వరసకూ అదే పనికొస్తుంది. జబ్బు ఉన్న పన్ను ముందు బాగవ్వాలి, తర్వాతే పళ్లు కదిలించాలి.

పుచ్చిపోయిన దవడ పన్నుకు రూట్ కెనాల్ ఎలాగూ తప్పదు, 4,500. రెండు ఫిల్లింగులు 2,000. మొదటి కన్సల్టేషన్, పెద్ద ఎక్స్‌రే కలిపి 900. ఇవి మొదటి ఫైలు, మొత్తం 7,400. రూట్ కెనాల్ చేసిన పన్నుకు చివర్లో వేసే క్యాప్ 5,000, అదీ ఈ ఫైలుదే. కాకపోతే క్యాప్ గురించి కాగితంలో ఏమీ లేదు. టీపీఏకి మెయిల్ పెట్టించాను. రూట్ కెనాల్ బిల్లు జతచేస్తే ఆ పంటి క్యాప్ ఇస్తామని జవాబు వచ్చింది. ఫోన్లో చెప్పిన మాటకు తర్వాత ఎవరూ పూచీ ఉండరు, మెయిలే ఆధారం.

రెండో ఫైల్లో క్లిప్పులు 42,000. పళ్ల కొలతలకు తలను పక్కనుంచి తీసే ఎక్స్‌రే అందులోనే కలిసి ఉంది. క్లిప్పులు తీశాక పళ్లు వెనక్కి జరగకుండా చివర్లో ఇచ్చే రిటైనర్లు 4,000. ఇక నాలుగు చిన్న దవడ పళ్లు తీయాలి, పైన రెండు, కింద రెండు. ఒక్కోటి 800 చొప్పున 3,200.

ఈ నాలుగు పళ్ల దగ్గరే కాసేపు ఆగాం. పాలసీలో "పన్ను తీయడం" వస్తుందని రాసి ఉంది కదా అని తండ్రి అన్నారు. మాట నిజమే. కానీ తీసేవి మంచి పళ్లు. ముందుకొచ్చిన పళ్లు వెనక్కి వెళ్లడానికి చోటు కావాలి కాబట్టి తీస్తున్నాం. క్లిప్పులు లేకపోతే ఆ పళ్లు జన్మంతా అక్కడే ఉండేవి. మెయిల్ పెడితే, క్లిప్పుల కోసం తీసే పళ్లకు ఇవ్వమని జవాబు వచ్చింది. అప్పుడు ఆయన కొంచెం మొహమాటపడుతూ, "పుచ్చిపోయినాయని రాస్తే అయిపోతుంది కదా మేడం, మూడు వేలే కదా" అన్నారు.

రాయలేదు. పెద్ద ఎక్స్‌రేలో ఆ నాలుగు పళ్లూ నిక్షేపంగా కనిపిస్తున్నాయి, అదే ఎక్స్‌రేని రూట్ కెనాల్ క్లెయిముతో పంపుతున్నాం. రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకు అబద్ధం వెంటనే దొరుకుతుంది. దొరికితే ఆ 3,200 ఒక్కటే ఆగదు. మోసం కింద లెక్కేసి మిగతా క్లెయిములూ ఆపొచ్చు, విషయం ఆయన ఉద్యోగం చేసే చోటికి వెళ్లొచ్చు. దొరకకపోయినా నా సంతకం కింద లేని జబ్బు రాయను. ఆ మాట మెత్తగానే చెప్పాను, ఆయనా సర్దుకున్నారు. 3,200 ఇంటి ఖర్చులో రాసుకున్నాం.

మార్చి 31కి ముందు ఏది, తర్వాత ఏది

రెండు ఫైళ్లూ అయ్యాక క్యాలెండర్ తీశాం. పాలసీ సంవత్సరం ముగియడానికి రెండు నెలలే ఉంది. ఆ ఏడాది 8,000లో అప్పటికి ఒక్క రూపాయీ వాడలేదు. మిగిలితే మరుసటి ఏడాదికి చేరదు. మొదటి ఫైల్లోని 7,400 పనంతా ఫిబ్రవరిలో, మార్చి మొదట్లో ఎలాగూ చేయాల్సిందే. అమ్మాయి నోటికీ ఇన్సూరెన్సుకూ ఒకే తేదీ కుదిరింది.

చిక్కు తల్లి దగ్గర వచ్చింది. ఆమెకు కింద జ్ఞానదంతం సగం బయటికొచ్చి చిగురు అప్పుడప్పుడూ వాస్తుంది. అది తీయడానికి 4,000. "నేను కూడా ఇదే నెల్లో చేయించుకుంటాను, ఒక పని అయిపోతుంది" అంది. పరిమితి ఇంటికంతా కలిపే కాబట్టి 11,400 అవుతుంది, 8,000 దాటిన భాగం ఊరికే పోతుంది. ఆ రోజుకి ఆమెకు వాపు లేదు, నొప్పి లేదు, నోరు పూర్తిగా తెరుచుకుంటోంది. అందుకే ఏప్రిల్‌కి జరిపాం. ఒక షరతు మాత్రం గట్టిగా చెప్పాను: ఈలోపు వాపు వచ్చినా, నోరు తెరవడం కష్టమైనా, మింగేటప్పుడు నొప్పి ఉన్నా తేదీ చూడకుండా అదే రోజు రావాలి. ఆగగలిగిన పనినే ఇన్సూరెన్స్ కోసం ఆపాలి. చీము పట్టిన పన్నును ఏప్రిల్ ఒకటో తేదీ కోసం ఆపిన వాళ్లను చూశాను, చివరికి ఖర్చు పెరిగిందే గానీ తగ్గలేదు.

రూట్ కెనాల్‌ని మార్చి 20 లోపే ముగించాలని పెట్టుకున్నాం. రెండు మూడు సిట్టింగుల పని అది. మార్చి చివరివారంలో మొదలుపెట్టి ఏప్రిల్లో ముగిస్తే ఏ సంవత్సరం కింద లెక్కేస్తారన్న పేచీ వస్తుంది. డబ్బు ఎప్పుడు కట్టామన్నది కాదు, పని ఏ రోజు జరిగిందన్నదే వాళ్లు చూస్తారు. బిల్లు తేదీ అటూ ఇటూ మార్చమని అడిగేవాళ్లు ఉంటారు. కేస్ షీట్‌లో ప్రతి సిట్టింగ్ తేదీ ఉంటుంది, దానికీ బిల్లుకీ తేడా రాకూడదు.

క్యాప్ సంగతి వేరు. రూట్ కెనాల్ అయిన దవడ పన్నుకు మామూలుగా త్వరగా క్యాప్ వేస్తాం, లేకపోతే పన్ను చీలే ప్రమాదం ఉంది. ఇక్కడ ఆ పంటి చుట్టూ క్లిప్పుల కోసం స్టీలు బ్యాండు ఎలాగూ బిగిస్తాం. లోపల గట్టి ఫిల్లింగ్, బయట బ్యాండు ఉంటే పన్నుకు అప్పటిదాకా కాపుదల. ముందే క్యాప్ వేస్తే, పళ్లన్నీ కదిలాక పై పన్నుతో కలిసే తీరు మారి మళ్లీ సరిచేయాల్సి రావచ్చు. అందుకని క్యాప్ చివరికి, అంటే 2024 ఏప్రిల్ తర్వాత వచ్చే మూడో పాలసీ సంవత్సరానికి వెళ్లింది. అది వైద్యం కోసం తీసుకున్న నిర్ణయమే, డబ్బుకూ కలిసొచ్చింది. కానీ ఇంటి లెక్కలో క్యాప్‌కి వచ్చే 4,000 రాబడిని నేను వేయనివ్వలేదు. కంపెనీ పాలసీ ఏడాదికోసారి రెన్యూ అవుతుంది, షరతులు మారొచ్చు, ఆయన ఉద్యోగమే మారొచ్చు. చేతిలో ఉన్న సంవత్సరం డబ్బునే లెక్కలో రాయాలి.

వాయిదాలు ఎక్కడ కట్ చేయాలి

క్లిప్పులకు 42,000 ఎలా కట్టాలన్నది ఇక పూర్తిగా ఇంటి విషయం. వాళ్ల ముందు మూడు దారులున్నాయి. ఫైనాన్స్ కార్డు మీద నో-కాస్ట్ ఈఎంఐ, నెలకు 3,500 చొప్పున ఏడాది. లేదా మొత్తం ముందే కడితే మేమిచ్చే 2,000 తగ్గింపు. లేదా మా దగ్గరే దశలవారీగా.

ఈఎంఐ అయితే ఫైనాన్స్ కంపెనీ నాకు మొత్తం డబ్బు మొదటి నెలలోనే ఇచ్చేస్తుంది. క్లినిక్‌గా నాకు అంతకంటే సుఖం లేదు. కానీ ఈ అమ్మాయికి 20 నెలల చికిత్స. 2024 జూన్‌లో ఇంటర్‌కి హాస్టల్లో వేస్తామని తల్లిదండ్రులు అప్పటికే అనుకుంటున్నారు. విజయవాడో నెల్లూరో ఇంకా తెలీదు. మధ్యలో వేరే ఊళ్లో డాక్టర్‌కి మారాల్సి వస్తే, ఇక్కడ జరగని పనికి కూడా వాళ్లు ఈఎంఐ కడుతూనే ఉండాలి, నా దగ్గర్నుంచి తిరిగి రాబట్టుకోవాలి. దానికి తోడు ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ.

మొత్తం ఒకేసారి కట్టడానికి తల్లి చీటీ పాడదామనుకుంది. 50,000 చీటీ, అప్పటికి మూడో నెల నడుస్తోంది. ఆ నెల పాట 9,000 దాకా వెళ్తోందని ఆమే చెప్పింది. అంటే చేతికి 41,000 వస్తుంది. పోయిన 9,000లో డివిడెండుగా కొంత తిరిగి వచ్చినా, మా 2,000 తగ్గింపు కోసం అంత వదులుకోవడం దండగ. కాగితం మీద రెండు అంకెలు రాసి చూపించగానే, "ఆఖర్లో ఎత్తుకుంటాలే మేడం" అనేసింది.

దశలవారీ చెల్లింపును నెలలతో కాకుండా పనితో ముడిపెట్టాను. క్లిప్పులు బిగించినప్పుడు 14,000. పళ్లు వరసకు వచ్చి, ఖాళీలు మూయడం మొదలుపెట్టే రోజు 12,000. ఖాళీలు సగం మూసుకున్నాక 12,000. చివరి సర్దుబాట్లలో 4,000, దాంతో పాటే రిటైనర్ల 4,000. ఇలా కట్ చేస్తే ఏ రోజు వేరే ఊరికి వెళ్లినా, జరిగిన పనికి డబ్బు కట్టినట్టే ఉంటుంది, ఇవ్వాల్సింది తీసుకోవాల్సింది పెద్దగా ఉండదు.

చివరి వాయిదా చిన్నదిగా ఉంచడానికి బలమైన కారణం ఉంది. క్లిప్పులు తీసే రోజుకి పదివేలు బాకీ ఉంటే, ఇంట్లో వాళ్లు ఆ రోజును నెట్టుకుంటూ పోతారు. అవసరానికి మించి క్లిప్పులు ఉంటే చుట్టూ పాచి పట్టి పళ్ల మీద తెల్ల మచ్చలు వస్తాయి. రిటైనర్ డబ్బు విడిగా వదిలేస్తే ఇంకా నష్టం: క్లిప్పులు తీయించుకుని, పళ్లు బాగున్నాయి కదా అని రిటైనర్ "వచ్చే నెల" అంటారు. ఆ నెలలోనే పళ్లు వెనక్కి జరగడం మొదలవుతుంది. అందుకే రిటైనర్ డబ్బు తీసుకోకుండా నేను క్లిప్పులు తీసే తేదీ ఇవ్వను.

మొదటి రెండు నెలలే బరువు. రూట్ కెనాల్ ఫైలు 7,400, పళ్లు తీయడం 3,200, క్లిప్పుల మొదటి వాయిదా 14,000, మొత్తం 24,600. వాళ్ల దగ్గరున్నది 18,000 చిల్లర. అమ్మాయికి పైపళ్లు కిందిపళ్లను బాగా కప్పేస్తున్నాయి. కింద క్లిప్పులు వెంటనే పెడితే కొరికినప్పుడు తగిలి ఊడతాయి. కాబట్టి మార్చి మధ్యలో పైవరసకే బిగించాం, 8,000 తీసుకున్నాం. కింది వరస ఏప్రిల్ చివర్లో, మిగతా 6,000 అప్పుడు.

క్లెయిము ఎలా నడిచింది

తండ్రికి బిల్లులన్నీ ఒక కవర్లో పోగేసి ఏడాది చివర్లో పంపే అలవాటు. 30 రోజుల నిబంధన ఉన్నచోట అలా చేస్తే సగం బిల్లులు చెల్లవు. పని అయిన వారంలోపే పంపమన్నాను. ముందు మా రిసెప్షన్‌లో పేరు సరిచేయించాం. మన దగ్గర ఇంటిపేరును పొడి అక్షరంగా రాసే అలవాటు, బిల్లు మీద అలాగే ఉంది. పాలసీలో ఆధార్‌లో ఉన్నట్టు ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఇలాంటి చిన్న తేడాకే క్లెయిము వెనక్కి వస్తుంది. బిల్లులో రూట్ కెనాల్ చేసిన పంటి నంబరు 36 అని, ఒక్కో పనికీ విడిగా ధర, సిట్టింగుల తేదీలు, నా రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర ఉండేలా చూశాం. డబ్బు తండ్రి యూపీఐ నుంచే కట్టారు, దాని రసీదూ జతచేశారు.

అయినా ఒక క్వెరీ వచ్చింది: రూట్ కెనాల్ పూర్తయ్యాక తీసిన ఎక్స్‌రే కావాలని. పంటి వేళ్లలో మందు చివరిదాకా నిండినట్టు చూపించేది అదే. ముందు తీసినదే పంపారు. రెండోది మా దగ్గర ఉంది, అదే రోజు ఇచ్చాం. ఏప్రిల్ నాలుగో వారంలో 5,920 వాళ్ల ఖాతాలో పడింది, అంటే 7,400లో ఎనభై శాతం. కింది వరస క్లిప్పులకు కట్టింది దాదాపు ఆ డబ్బే. మే నెలలో తల్లి జ్ఞానదంతం తీశాం, 3,200 వచ్చింది.

2024 ఏప్రిల్లో పాలసీ రెన్యూ అయినప్పుడు డెంటల్ పరిమితి 8,000 నుంచి 5,000కి తగ్గింది. లెక్కలో ఆ రాబడి వేసుకోలేదు కాబట్టి టెన్షన్ పడాల్సిన పని రాలేదు. కానీ ఆ ఏడాది ఇంట్లో ఇంకెవరి పంటి పనైనా చేయిస్తే క్యాప్‌కి మిగలదు. అందుకని తమ్ముడి క్లీనింగ్‌ని క్లెయిములో పెట్టకుండా చేతి డబ్బుతో చేయించారు.

అమ్మాయిని జూన్‌లో నెల్లూరు హాస్టల్లో వేశారు. నెలనెలా రాలేదు. ఔటింగ్ ఇచ్చిన ఆదివారాలు చూసుకుని ఆరేడు వారాలకోసారి తెచ్చేవారు. రెండు క్లిప్పులు ఊడాయి, ఒక్కోదానికి 300 చొప్పున 600 అయింది. నవంబరులో అవ్వాల్సిన చికిత్స 2025 జనవరికి అయింది. నెలలతో ముడిపెట్టి ఉంటే ఆ రెండు నెలలకూ డబ్బు అడగాల్సి వచ్చేది. పనితో ముడిపెట్టడంతో ఆ మాటే రాలేదు.

క్లిప్పులు తీసిన రోజే 36 నంబరు పంటి బ్యాండు కూడా తీసి, క్యాప్ కోసం కొలత తీసుకున్నాం. ల్యాబ్ నుంచి నాలుగో రోజు వచ్చింది, హాస్టల్‌కి వెళ్లేలోపు బిగించాం. కింది పళ్ల వెనక సన్నని తీగ అతికించాం, తీసిపెట్టుకునే రిటైనర్ పైవరసకే. అందుకే కింది పంటికి క్యాప్ తర్వాత వేసినా రిటైనర్ బిగుతుగానో వదులుగానో అవుతుందన్న బాధ లేదు. అదే పై పన్నైతే క్యాప్ వేశాకే రిటైనర్ కొలత తీసుకోవాలి, లేకపోతే అది కూర్చోదు.

క్యాప్ క్లెయిముకు 2023 నాటి రూట్ కెనాల్ బిల్లు, టీపీఏ పాత మెయిల్ రెండూ జతచేశారు. ఆ మెయిల్ పాత షరతుల నాటిది కదా అని టీపీఏ వాళ్లు మళ్లీ అడిగారు. కొత్త కాగితంలో రూట్ కెనాల్ పంటి క్యాప్ వస్తుందని ఉన్న పేరా హెచ్‌ఆర్ నుంచి తీసుకుని పంపితే, ఫిబ్రవరి చివర్లో 4,000 వచ్చింది. అమ్మాయి నోటికి మొత్తం 61,600, ఊడిన క్లిప్పులకు 600. అందులో ఇన్సూరెన్స్ ఇచ్చింది 9,920, ఇల్లు పెట్టుకున్నది 52,280. పై రిటైనర్ ఏడాదికో రెండేళ్లకో పగలొచ్చని, కొత్తదానికి 2,000 దాకా అవుతుందని, అది ఏ పాలసీలోనూ అడగొద్దని వాళ్ల ఫైల్లో చివరి పేజీలో రాసిచ్చాను.